అమ్మోనియా ఎటు మొగ్గుతుంది?

1901లో పారిస్‌లో ఒక ప్రయోగశాలలో ఉక్కు పాత్ర పేలిపోయింది. లోపల ఉన్నది నైట్రోజన్, హైడ్రోజన్ వాయువుల మిశ్రమం. పీడనం 200 అట్మాస్ఫియర్లు, వేడి 600 డిగ్రీల సెల్సియస్, ఉత్ప్రేరకంగా మెత్తటి ఇనుము. పరికరంలో గాలి మిగిలిపోవడం వల్ల హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి భగ్గుమన్నాయి. సహాయకుడు త్రుటిలో ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ ప్రయోగం చేయిస్తున్న హెన్రీ లీ షాట్లియర్ అంతటితో ఆ పని వదిలేశారు. అమ్మోనియా తయారీని చేతికందినట్టే అంది జారవిడుచుకున్నానని, తన వైజ్ఞానిక జీవితంలో అతి పెద్ద పొరపాటు అదేనని చివరి రోజుల్లో ఆయనే రాసుకున్నారు.

పేలుడు సంగతి పక్కన పెడితే, ఆ ప్రయోగంలో గమనించాల్సింది ఆయన ఎంచుకున్న అంకెలు. అంత ఎక్కువ పీడనం ఎందుకు? ఆ జవాబు ఆయన 1884లోనే సూత్రంగా చెప్పి ఉన్నారు. ఇంటర్ చదివినవాళ్లందరికీ నోటికొచ్చే సూత్రమే అది: సమతాస్థితిలో ఉన్న వ్యవస్థ మీద ఏదైనా మార్పు తెస్తే, ఆ మార్పును తగ్గించే దిశలో సమతాస్థితి జరుగుతుంది.

ఈ వాక్యం చాలాసార్లు సరైన జవాబే ఇస్తుంది. కానీ ఎందుకు జరుగుతుందో చెప్పదు, ఎంత జరుగుతుందో చెప్పదు. కొన్నిచోట్ల తప్పు దిశ కూడా చూపిస్తుంది. సమతాస్థితి ఎటు మొగ్గుతుందో నమ్మకంగా చెప్పాలంటే రెండు అంకెలను పోల్చడం నేర్చుకోవాలి. లెక్క పెద్ద కష్టమేమీ కాదు. లీ షాట్లియర్‌ను ఊరించిన ఆ అమ్మోనియానే తీసుకుని చూద్దాం.

N2 + 3H2 ⇌ 2NH3

ఒక నైట్రోజన్ అణువు, మూడు హైడ్రోజన్ అణువులు కలిస్తే రెండు అమ్మోనియా అణువులు వస్తాయి. మధ్యలో ఉన్న జంట బాణాల అర్థం, అమ్మోనియా ఏర్పడుతున్నట్టే విడిపోతూ కూడా ఉంటుందని. మూసిన పాత్రలో మొదట నైట్రోజన్, హైడ్రోజన్ మాత్రమే ఉంటే అమ్మోనియా పుట్టడమే కనిపిస్తుంది. అది పోగయ్యేకొద్దీ విడిపోవడం కూడా జోరందుకుంటుంది. ఒక దశలో పుట్టేదీ విడిపోయేదీ సమానమవుతాయి. అప్పుడు పాత్రలో ఏ వాయువు ఎంతుందో కొలిస్తే ఎంతసేపటికీ అదే అంకె వస్తుంది. చర్య ఆగిపోయిందనుకుంటే పొరపాటే. రెండు వైపులా ఒకే వేగంతో సాగుతోంది కాబట్టి మనకు తేడా తెలియదు.

ఈ స్థితికి ఒక గుర్తు ఉంది. అమ్మోనియా పీడనాన్ని వర్గం చేసి, దాన్ని నైట్రోజన్ పీడనం, హైడ్రోజన్ పీడనపు ఘనం, ఈ రెండింటి లబ్ధంతో భాగించాలి. పీడనం అంటే ఇక్కడ మిశ్రమంలో ఒక్కో వాయువుకు చెందిన వాటా. సమీకరణంలో అమ్మోనియా ముందు రెండు ఉంది కాబట్టి వర్గం, హైడ్రోజన్ ముందు మూడు ఉంది కాబట్టి ఘనం. సమతాస్థితిలో ఈ భాగహారం విలువను K అంటారు. ఉష్ణోగ్రత మారనంత వరకు K మారదు. ఇదే లెక్కను సమతాస్థితితో పనిలేకుండా ఏ క్షణంలోనైనా వేస్తే వచ్చే విలువ Q. పాత్రలో ఇప్పుడున్న పరిస్థితి Q, అది చేరుకోవాల్సిన గమ్యం K. Q తక్కువైతే చర్య ముందుకు సాగి అమ్మోనియా పెరుగుతుంది. Q ఎక్కువైతే అమ్మోనియా విడిపోతుంది. సమానమైతే కదలిక ఉండదు.

అంకెలు వేసి చూద్దాం. సుమారు 400 డిగ్రీల దగ్గర ఒక పాత్రలో నైట్రోజన్ 20, హైడ్రోజన్ 60, అమ్మోనియా 27 అట్మాస్ఫియర్ల చొప్పున ఉన్నాయనుకోండి. 27 వర్గం 729. 60 ఘనం 2,16,000, దాన్ని 20తో గుణిస్తే 43,20,000. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే దాదాపు 0.00017. ఆ ఉష్ణోగ్రత దగ్గర K విలువ కూడా దాదాపు అంతే. అంటే ఈ మిశ్రమం సమతాస్థితిలో ఉంది. ఇక దీన్ని కదిలిద్దాం.

మొదట గాఢత. పాత్రలోంచి అమ్మోనియాను కొంత తీసేసి 27ను 9కి దించామనుకోండి. నైట్రోజన్, హైడ్రోజన్ ఉన్నట్టే ఉన్నాయి. పైన 729 బదులు 81 వస్తుంది కాబట్టి Q తొమ్మిదో వంతుకు పడిపోతుంది. K మాత్రం అలాగే ఉంది. Q మళ్లీ K దాకా ఎగబాకాలంటే కొత్త అమ్మోనియా పుట్టాల్సిందే. వ్యవస్థ మన పనిని అడ్డుకుంటోందని అనుకోనక్కర్లేదు. తీసేసిన క్షణంలో అమ్మోనియా విడిపోయే వేగం పడిపోయింది, పుట్టే వేగం మాత్రం తగ్గలేదు. అంతే జరిగింది.

ఎరువుల కర్మాగారాలు నడిచేది ఈ కిటుకు మీదే. రియాక్టర్‌లోంచి బయటికొచ్చే వాయువును చల్లబరుస్తారు. మామూలు పీడనంలో అమ్మోనియా మైనస్ 33 డిగ్రీల దగ్గర ద్రవమవుతుంది. కర్మాగారంలో ఉండే పీడనంలో అంత చలి లేకుండానే ద్రవంగా జారిపోతుంది. నైట్రోజన్, హైడ్రోజన్ మాత్రం వాయువులుగానే మిగులుతాయి. వాటిని మళ్లీ రియాక్టర్‌లోకి పంపుతారు. ఒక్కసారి లోపలికి వెళ్లిన వాయువులో మార్పు చెందేది కొంతే అయినా, తిప్పి తిప్పి పంపడం వల్ల చివరికి దాదాపు అంతా అమ్మోనియాగా మారుతుంది. సహజవాయువుతో నడిచే రామగుండం కర్మాగారం రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా తయారుచేసేలా కట్టింది. అక్కడి వాయువు కూడా ఇలాంటి చుట్టులోనే తిరుగుతుంది.

రెండోది పీడనం. అదే పాత్ర పరిమాణాన్ని సగానికి నొక్కేశామనుకోండి. ప్రతి వాయువు పీడనం రెట్టింపవుతుంది: 40, 120, 54. పైన ఉన్న వర్గం నాలుగు రెట్లవుతుంది. కింద హైడ్రోజన్ వల్ల ఎనిమిది రెట్లు, నైట్రోజన్ వల్ల రెండు రెట్లు, మొత్తం పదహారు రెట్లు పెరుగుతుంది. నాలుగుని పదహారుతో భాగిస్తే పావు. Q పావు వంతుకు పడింది కాబట్టి చర్య ముందుకే సాగుతుంది. ఎడమవైపు నాలుగు అణువులు, కుడివైపు రెండు ఉండటమే దీనికంతటికీ మూలం. రెండు వైపులా అణువుల సంఖ్య సమానంగా ఉండే చర్యల్లో, ఉదాహరణకు హైడ్రోజన్, అయోడిన్ కలిసి హైడ్రోజన్ అయోడైడ్ అయ్యే చర్యలో, ఎంత నొక్కినా సమతాస్థితి కదలదు. లీ షాట్లియర్ 200 అట్మాస్ఫియర్లు ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మూడోది ఉష్ణోగ్రత. విద్యార్థులు దీన్ని కూడా పై రెండింటితో ఒకే గాటన కట్టేస్తారు. నిజానికి ఇది వేరే రకం మార్పు. గాఢతను, పీడనాన్ని మార్చినప్పుడు Q మారింది, K కదలలేదు. ఉష్ణోగ్రతను మారిస్తే గమ్యమే మారిపోతుంది. మొత్తం పీడనం మారకుండా చూస్తూ మన మిశ్రమాన్ని 400 నుంచి 500 డిగ్రీలకు వేడి చేశామనుకోండి. ఆ క్షణంలో 20, 60, 27 అలాగే ఉన్నాయి, Q కూడా 0.00017 గానే ఉంది. కానీ 500 డిగ్రీల దగ్గర K సుమారు 0.000015 మాత్రమే. అంటే పదో వంతుకన్నా తక్కువ. Q ఒక్కసారిగా K కన్నా పదకొండు రెట్లు పెద్దదైపోయింది కాబట్టి అమ్మోనియా విడిపోక తప్పదు.

K ఇంతలా ఎందుకు పడిపోతుంది? అమ్మోనియా ఏర్పడేటప్పుడు వేడి బయటికొస్తుంది. ఒక మోల్ నైట్రోజన్‌కు సుమారు 92 కిలోజౌళ్లు. ఆ అమ్మోనియా మళ్లీ విడిపోవాలంటే అంత శక్తినీ అదనంగా సంపాదించుకోవాలి. వేడి పెంచితే రెండు వైపుల చర్యలూ వేగం పుంజుకుంటాయి గానీ, ఎక్కువ శక్తి అవసరమైన వైపు మరింత ఎక్కువగా పుంజుకుంటుంది. ఇక్కడ ఆ వైపు విడిపోవడమే. వేడిని పీల్చుకునే చర్యల్లో ఇదంతా తిరగబడుతుంది. K ఎటు కదులుతుందో తేల్చేది వేడి బయటికొస్తుందా, లోపలికి పోతుందా అన్న ఒక్క సంగతే.

అలాగైతే చల్లగానే ఉంచి అమ్మోనియా చేయొచ్చు కదా అని అడగొచ్చు. కొలిచి తేల్చిన అంకెలు కూడా ఆ మాటే అంటాయి. ఒక భాగం నైట్రోజన్‌కు మూడు భాగాల హైడ్రోజన్ కలిపి 100 అట్మాస్ఫియర్ల పీడనంలో ఉంచితే, సమతాస్థితిలో అమ్మోనియా 200 డిగ్రీల దగ్గర సుమారు 81 శాతం ఉంటుంది. 400 దగ్గర 25 శాతం. 500 దగ్గర పది శాతం చిల్లర. అయినా ఏ కర్మాగారమూ 200 డిగ్రీల దగ్గర రియాక్టర్ నడపదు. ఎందుకంటే K గమ్యం ఎక్కడో చెబుతుంది, అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుందో చెప్పదు. నైట్రోజన్ అణువులో రెండు పరమాణువుల మధ్య మూడు బంధాలుంటాయి. తక్కువ వేడిలో అవి తెగవు. 81 శాతం కాగితం మీదే ఉంటుంది.

జర్మనీలోని కార్ల్స్‌రూహేలో ఫ్రిట్జ్ హాబర్ ఎదుర్కొన్న చిక్కు ఇదే. 1905 ప్రాంతంలో ఆయన మామూలు పీడనంలో, వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో ఇనుము మీదుగా వాయువులను పంపి కొలిచారు. చర్య వేగంగానే జరిగింది. వచ్చిన అమ్మోనియా మాత్రం సుమారు పదివేల అణువుల్లో ఒకటి. ఇంత తక్కువ వేడిలో కూడా పనిచేసే ఉత్ప్రేరకం దొరకాలి, పీడనం బాగా పెంచాలి. రాబర్ట్ లె రొసిన్యోల్‌తో కలిసి ఆస్మియం ఉత్ప్రేరకంతో హాబర్ దాన్ని సాధించారు. 1909 జులై 2న బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ నుంచి వచ్చినవాళ్ల ఎదుట ఆయన పరికరంలో ద్రవ అమ్మోనియా చుక్కలుగా కారింది. ఆ రోజు చూసినవారిలో ఆల్విన్ మిటాష్ ఒకరు. ఆస్మియం ప్రపంచంలోనే అరుదైన లోహం కాబట్టి దాని బదులు చౌకైనది వెతికే పని ఆయనకే పడింది. వేల పరీక్షల తర్వాత, కొద్దిగా అల్యూమినియం, పొటాషియం ఆక్సైడ్లు కలిసిన ఇనుము పనిచేసింది. కార్ల్ బాష్ ఆ పీడనాన్ని తట్టుకునే రియాక్టర్లు రూపొందించారు. 1913 సెప్టెంబర్‌లో ఓపౌలో మొదటి కర్మాగారం మొదలైంది.

ఉత్ప్రేరకం విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అది సమతాస్థితిని ఎటూ కదల్చదు. Q, K రెండింటిలో దేన్నీ ముట్టుకోదు. పుట్టే వేగాన్ని ఎన్ని రెట్లు చేస్తుందో, విడిపోయే వేగాన్నీ అన్ని రెట్లే చేస్తుంది. మరి మిటాష్ శ్రమ వల్ల దిగుబడి ఎలా పెరిగింది? తక్కువ వేడిలోనే చర్య నడిపించే వీలు దొరికింది. తక్కువ వేడిలో K పెద్దది. లాభం ఆ దారిన వచ్చింది.

ఈ రెండు శక్తుల పెనుగులాట రియాక్టర్ లోపల ఇప్పటికీ రోజూ కనిపిస్తుంది. ఇనుప ఉత్ప్రేరకపు పొరలోకి వాయువు నాలుగు వందల డిగ్రీలకు కాస్త అటూఇటూగా ప్రవేశిస్తుంది. అమ్మోనియా పుట్టేకొద్దీ వేడి బయటికొచ్చి వాయువు తనంతట తానే వేడెక్కుతుంది. అమ్మోనియా శాతం ఒకటి పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీలు పెరుగుతుంది. వేడెక్కేకొద్దీ K తగ్గుతూ వస్తుంది, అమ్మోనియా పెరిగేకొద్దీ Q పెరుగుతూ వస్తుంది. రెండూ కలిసిన చోట చర్య ఆగుతుంది. మిగిలిన పొర అంతా ఉన్నా లేనట్టే. అందుకే ఉత్ప్రేరకాన్ని ఒకే కుప్పగా పోయకుండా రెండు మూడు పొరలుగా పేర్చి, మధ్య మధ్య వాయువును చల్లబరిచి కింది పొరకు పంపుతారు.

పొర లోపలి అమ్మోనియాను నేరుగా ఎవరూ చూడలేరు. కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్లకు ఆధారం పొర పొడవునా అమర్చిన థర్మోకపుల్స్ చూపించే ఉష్ణోగ్రతలే. దిగుబడి తగ్గిందనుకోండి. ఉత్ప్రేరకం ముసలిదై చర్య మందగించిందా, లేక చర్య సమతాస్థితికి చేరి ఆగిపోయిందా? ఇది తెలుసుకోవడానికి ఒక చక్కటి పరీక్ష ఉంది. లోపలికి పంపే వాయువు వేడిని కాస్త పెంచి చూడాలి. పొర మొదటికీ చివరికీ మధ్య ఉష్ణోగ్రత తేడా పెరిగితే చిక్కు వేగంలో ఉన్నట్టు. తేడా తగ్గితే చర్య సమతాస్థితి గోడకు తగిలినట్టే. అప్పుడు వేడి తగ్గించాలి, పెంచకూడదు. వేగం, సమతాస్థితి అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలని ఇంతకన్నా స్పష్టంగా చూపించేది నాకు మరొకటి తెలియదు.

ఇక సూత్రం తడబడే చోటికి వద్దాం. ఈ చుట్టులో తిరిగే వాయువులో మరొకటి చేరుతుంది: ఆర్గాన్. నైట్రోజన్‌ను గాలిలోంచి తీసుకుంటారు, గాలిలో ఒక శాతం కన్నా కాస్త తక్కువగా ఆర్గాన్ ఉంటుంది. అది దేనితోనూ కలవదు. ద్రవమై బయటికీ పోదు. చుట్టు తిరిగేకొద్దీ పోగవుతుంది. జడవాయువు సమతాస్థితిని మార్చదని పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి, అయితే అది పాత్ర పరిమాణం మారనప్పుడే నిజం. అప్పుడు ఆర్గాన్ ఎంత చేరినా మిగిలిన మూడు వాయువుల పీడనాలు మారవు, Q మారదు. కర్మాగారంలో మొత్తం పీడనాన్ని ఒకే చోట నిలుపుతారు. ఆ మొత్తంలో ఆర్గాన్ వాటా పెరిగితే మిగిలిన మూడింటి వాటాలూ తగ్గుతాయి. పీడనం తగ్గించినట్టే లెక్క. సమతాస్థితి వెనక్కి జరుగుతుంది, అమ్మోనియా తగ్గుతుంది. అందుకే తిరిగే వాయువులో కొంత భాగాన్ని ఎప్పటికప్పుడు బయటికి వదులుతుంటారు. దాంతోపాటు విలువైన హైడ్రోజన్ కూడా పోతుంది కాబట్టి, ఆ హైడ్రోజన్‌ను తిరిగి పట్టుకునే ఏర్పాటు కూడా చాలాచోట్ల ఉంటుంది.

ఇంకా ఆశ్చర్యం కలిగించేది నైట్రోజన్. ‘క్రియాజనకాన్ని కలిపితే చర్య ముందుకు జరుగుతుంది’ అన్నది అందరూ కళ్లు మూసుకుని చెప్పే మాట. ఈ మిశ్రమం చూడండి. మొత్తం పీడనం 100 అట్మాస్ఫియర్లు: నైట్రోజన్ 60, హైడ్రోజన్ 30, అమ్మోనియా 10. ఇది సమతాస్థితిలో ఉండే ఉష్ణోగ్రతను ఎంచుకున్నామనుకోండి. Q అంటే 100ను 60 × 27,000తో భాగించాలి, విలువ 0.0000617. K కూడా అంతే. ఇప్పుడు పీడనం 100 దగ్గరే ఉండేలా, పాత్రను వ్యాకోచించనిస్తూ, నైట్రోజన్‌ను మరో ఇరవై భాగాలు కలపండి. మొత్తం 120 భాగాలయ్యాయి. కొత్త వాటాలు: నైట్రోజన్ 66.7, హైడ్రోజన్ 25, అమ్మోనియా 8.33. మళ్లీ లెక్క వేస్తే Q 0.0000667 వస్తుంది. తగ్గలేదు, పెరిగింది. అంటే నైట్రోజన్ కలిపితే అమ్మోనియా విడిపోయి మరింత నైట్రోజన్ పుడుతుంది!

తప్పు ఎక్కడా లేదు. నైట్రోజన్ చేరడంతో పాత్ర పెద్దదైంది, మిగిలిన రెండూ పలచబడ్డాయి. హైడ్రోజన్ 30 నుంచి 25కు తగ్గితే దాని ఘనం 27,000 నుంచి 15,625కు పడిపోతుంది. నైట్రోజన్ వాటాలో వచ్చిన కొద్దిపాటి పెరుగుదల ఆ నష్టాన్ని పూడ్చలేదు. మిశ్రమంలో నైట్రోజన్ సగానికి మించి ఉన్నప్పుడు, పీడనం స్థిరంగా ఉంటే ఎప్పుడూ ఇలాగే జరుగుతుంది. సగానికన్నా తక్కువుంటే అందరూ చెప్పే జవాబే వస్తుంది. పాత్ర పరిమాణాన్ని కదలకుండా బిగించేస్తే మాత్రం నైట్రోజన్ ఎంతున్నా సరే, మరికొంత కలిపితే చర్య ముందుకే పోతుంది. ‘మార్పును వ్యతిరేకిస్తుంది’ అన్న వాక్యాన్ని పట్టుకుని కూర్చుంటే ఈ మూడు సందర్భాలనూ విడదీయడం కష్టం. Q వేసి చూస్తే రెండు నిమిషాల పని.

ఈ లెక్కకూ ఒక హద్దు ఉంది. వందల అట్మాస్ఫియర్ల దగ్గర వాయువులు ఆదర్శ వాయువుల్లా ప్రవర్తించవు, కాబట్టి K కొలిచిన పీడనాలతో అచ్చంగా సరిపోదు. కర్మాగారాలను రూపొందించేవాళ్లు అందుకు దిద్దుబాట్లు వేసుకుంటారు. దిశ తెలుసుకోవడానికి మాత్రం పైన వేసిన సాదా లెక్క చాలు.

ఇంటర్ చదివే పిల్లలకూ, పాఠం చెప్పే మాస్టార్లకూ నాదొక విన్నపం. వాయువు కలిపితే ఏమవుతుందని అడిగే ప్రతి ప్రశ్నలోనూ పరిమాణం స్థిరమా, పీడనం స్థిరమా అన్నది రాయండి. ప్రశ్నలో అది లేకపోతే, ఏది స్థిరమనుకుని లెక్క వేశారో జవాబు మొదటి వాక్యంలోనే చెప్పండి. ఆ వాక్యం లేని జవాబు సరైనదో కాదో దిద్దేవారికి కూడా తేలదు.